బాత్‌టబ్ ముందు గోడ కట్టేముందు: ఏ వాషర్ ఎక్కడ, ట్రాప్‌కి దారి ఎటు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కొత్త ఇళ్లు కట్టుకునేవాళ్లలో కొందరు ఇప్పుడు బాత్‌టబ్ కూడా పెట్టించుకుంటున్నారు. గల్ఫ్‌లో పని చేసి వచ్చినవాళ్లు అక్కడ చూసి ముచ్చటపడతారు. పిల్లలు అక్కడి నుంచి డబ్బు పంపి కట్టిస్తున్న ఇళ్లలోనైతే వాళ్లే ఫోన్‌లో ఫొటో పంపి ఇలాంటిదే కావాలంటారు. షాపులో టబ్బు రంగు, పొడవు, ధర అన్నీ చూస్తారు. దానితో పాటు ఒక చిన్న అట్టపెట్టె వస్తుంది. అందులో ప్లాస్టిక్ గొట్టాలు, రెండు క్రోమ్ బిళ్లలు, నాలుగైదు నల్ల రబ్బర్లు ఉంటాయి. ఆ పెట్టె విప్పి చూసేవాళ్లు తక్కువ. రేపు కింది గదిలో సీలింగ్ తడిసిందంటే కారణం చాలాసార్లు ఆ పెట్టెలోని రబ్బర్ల దగ్గరే దొరుకుతుంది.

విజయనగరంలో ఒక రెండంతస్తుల ఇల్లు అనుకోండి. కింద అమ్మీ, అబ్బా ఉంటారు. పైన కొడుకు కుటుంబం. పై బాత్రూం సరిగ్గా అబ్బా పడుకునే గది మీద వచ్చింది. టబ్బు యాక్రిలిక్‌ది, పొడవు 1700 మిల్లీమీటర్లు, వెడల్పు 700. మూడు పక్కలా గోడలే, ముందు పక్కన ఇటుకతో చిన్న గోడ కట్టి టైల్స్ వేస్తానని మేస్త్రి అంటున్నాడు. స్లాబ్ ఒక అడుగు కిందికి దించి పోశారు, అంటే సంకన్ స్లాబ్. అందులో పైపులు వేసి, పైన ఇటుక ముక్కలతో నింపి, ఆ మీద టైల్స్ వేస్తారు.

ఇలాంటి చోట టబ్బు కింద బొట్టు బొట్టుగా కారినా వెంటనే ఎవరికీ తెలియదు. నీళ్లు ముందు ఆ ఇటుక ముక్కల్లో ఇంకుతాయి. అవి నిండాక, స్లాబ్‌లో ఎక్కడ సందు ఉంటే అక్కడ దిగుతాయి. అబ్బా గది సీలింగ్ మీద మచ్చ కనిపించేసరికి నెలలు గడిచిపోయి ఉండొచ్చు. మచ్చ పడిన చోటికి సరిగ్గా పైనే లీకు ఉందన్న గ్యారంటీ కూడా లేదు. అందుకే ఇక్కడ పని వరస ముఖ్యం. ముందు ప్లంబర్, తర్వాత నీళ్ల పరీక్ష, ఆ తర్వాతే మేస్త్రి.

రెండు రంధ్రాలు, ఒకే దారి

టబ్బుకి అడుగున ఒక రంధ్రం ఉంటుంది. అది వేస్ట్, స్నానం అయ్యాక నీళ్లు పోయే దారి. పక్క గోడకి పైభాగంలో ఇంకో రంధ్రం ఉంటుంది. అది ఓవర్‌ఫ్లో. ట్యాప్ తిప్పి మర్చిపోతే నీళ్లు అంచు దాటి నేల మీద పడకముందే అటు వెళ్లిపోతాయి. ఓవర్‌ఫ్లో నుంచి ఒక గొట్టం టబ్బు వెనక నుంచి దిగి, అడుగున వేస్ట్ బాడీలో కలుస్తుంది. అక్కడి నుంచి ఒకే పైపు, సాధారణంగా 40 మిల్లీమీటర్లది, ట్రాప్‌లోకి వెళ్తుంది.

దీనంతటిలో జాయింట్లు ఆరేడు ఉంటాయి. ప్రతి జాయింట్‌లో నీటిని ఆపేది ఒకటే ఉండాలి. రబ్బరు ఆపితే రబ్బరే, సిలికాన్ ఆపితే సిలికానే, అతికించిన చోట సాల్వెంటే. ఎక్కువ గట్టిగా ఉంటుందని ఒకే చోట రెండు మూడు కలిపి పూసే అలవాటు మనవైపు బాగా ఉంది. రబ్బరు వాషర్‌కి సిలికాన్ పూస్తే అది తడిగా ఉన్నప్పుడు నూనెలా పనిచేస్తుంది. నట్ బిగిస్తున్న కొద్దీ వాషర్ పక్కకి జారిపోతుంది. పైనుంచి చూస్తే అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది.

అడుగు రంధ్రం దగ్గర

యాక్రిలిక్ టబ్బు లోపలి వైపు అద్దంలా నున్నగా ఉంటుంది. తిరగేసి చూస్తే కింది వైపు ఫైబర్ గ్లాస్ పూత గరుకుగా, ఎత్తుపల్లాలుగా కనిపిస్తుంది. వేస్ట్ రబ్బరు కూర్చునేది ఆ గరుకు మీదే. కాబట్టి టబ్బు బోర్లించి ఉన్నప్పుడే రంధ్రం చుట్టూ రెండు వేళ్ల వెడల్పున ఉప్పుకాగితంతో రుద్ది చదును చెయ్యాలి. ఈ పదినిమిషాల పని మానేస్తే ఎంత మంచి వాషర్ వేసినా ఏదో ఒక పల్లంలోంచి నీళ్లు దారి వెతుక్కుంటాయి.

తర్వాత వరస ఇలా ఉంటుంది. మందంగా ఉండే నల్ల రబ్బరు టబ్బుకి కింద, టబ్బు అడుగుకీ వేస్ట్ బాడీకీ మధ్య వస్తుంది. దాన్ని పొడిగా పెట్టాలి, ఏమీ పూయక్కర్లేదు. టబ్బు లోపల కనిపించే క్రోమ్ బిళ్ల కింద పల్చటి వాషర్ ఇస్తే అది వెయ్యాలి. ఇవ్వకపోతే బిళ్ల అడుగున సన్నటి గీతలా సిలికాన్ చుట్టూ పెట్టాలి. సిలికాన్ కొనేటప్పుడు న్యూట్రల్ రకం అడగడం మంచిది. వెనిగర్ వాసన వచ్చే రకం ఇత్తడిని, రేకుని తినేస్తుంది. పాత పద్ధతిలో వాడే నూనె పుట్టీ యాక్రిలిక్‌కి పనికిరాదు, మరక పడుతుంది, కొన్నిసార్లు ప్లాస్టిక్‌నే బలహీనపరుస్తుంది.

పై బిళ్లని, కింది బాడీని కలిపేది మధ్యలో ఉండే పొడవైన స్క్రూ. బిగించేటప్పుడు ఒకరు కింద బాడీని తిరగకుండా పట్టుకోవాలి, ఇంకొకరు పైనుంచి చేతి స్క్రూడ్రైవర్‌తో తిప్పాలి. డ్రిల్ మెషిన్ వద్దు. బాగా బిగిసింది అనిపించాక ఇంకో పావు చుట్టు చాలు. రబ్బరు చుట్టూ ఒకే తీరుగా కొద్దిగా నొక్కుకుని కనిపిస్తే సరిగ్గా ఉన్నట్టు. ఒక పక్క బయటికి ఉబ్బి, ఇంకో పక్క లోపలికి పోతే విప్పి మళ్లీ పెట్టాల్సిందే. అతిగా బిగిస్తే ఆ రోజు ఏమీ కాదు. తర్వాత ఎప్పుడో రంధ్రం అంచు నుంచి వెంట్రుకంత పగులు మొదలవుతుంది. దానికి వాషర్ మార్చినా ప్రయోజనం ఉండదు.

ఓవర్‌ఫ్లో రబ్బరు తిరగబడితే

ఓవర్‌ఫ్లో దగ్గర ఇచ్చే రబ్బరు చాలా సెట్లలో ఒక పక్క మందంగా, ఒక పక్క పల్చగా ఉంటుంది. తయారీలో లోపం అనుకుని దాన్ని పక్కన పెట్టి, మామూలు గుండ్రటి వాషర్ వేసేవాళ్లు ఉన్నారు. అది లోపం కాదు. టబ్బు గోడ నిటారుగా ఉండదు, పైకి వెళ్లే కొద్దీ బయటికి వాలుతుంది. వెనక నుంచి వచ్చే ఓవర్‌ఫ్లో ముక్క మాత్రం నిటారుగా నిలబడుతుంది. ఈ రెండూ పైన ముందు ఆనుకుంటాయి, కింద సందు మిగులుతుంది. ఆ సందు నింపడానికే మందం. కాబట్టి మందంగా ఉన్న వైపు కిందికి రావాలి. తిప్పి పెడితే పైన బిగుసుకుంటుంది, కింద తెరుచుకుంటుంది. నీళ్లు కారేది ఎటూ కిందినుంచే.

ఈ తప్పు మామూలు స్నానంలో బయటపడదు. నీళ్లు ఆ ఎత్తుకి వచ్చినప్పుడే, అంటే సెలవుల్లో పిల్లలంతా చేరి టబ్బు నిండా నింపుకుని దూకినప్పుడే కారుతుంది. ఆ తర్వాత పది రోజులు ఏమీ ఉండదు. ఇంట్లోవాళ్లు వాన నీళ్లనో, పక్క గోడ చెమ్మ అనో అనుకుంటారు.

నట్లు, టేపు

ట్రాప్‌కి వెళ్లే పైపుల దగ్గర చేతితో తిప్పే పెద్ద ప్లాస్టిక్ నట్లు ఉంటాయి. వాటి లోపల కోన్ ఆకారంలో వాషర్ ఉంటుంది. పైపు మీద ముందు నట్, తర్వాత వాషర్ ఎక్కించాలి. వాషర్ చదునుగా ఉన్న వైపు నట్‌కి, సన్నగా వాలిన వైపు ఎదుటి ముక్క నోట్లోకి పోయేలా ఉండాలి. పైపు చివర అడ్డంగా, తిన్నగా కోసి, అంచున రేగిన ప్లాస్టిక్ చాకుతో గీకెయ్యాలి. లేకపోతే ఆ రేగిన ముక్కే వాషర్‌ని కోస్తుంది. తర్వాత వెంట్రుకలు వచ్చి పట్టుకునేది కూడా దానికే.

ఈ నట్ల మరల మీద టెఫ్లాన్ టేపు చుట్టక్కర్లేదు. టేపు పనిచేసేది మరలే నీటిని ఆపాల్సిన చోట, ట్యాప్ బిగించే చోటలాగా. ఇక్కడ నీటిని ఆపేది వాషర్, నట్ దాన్ని నొక్కుతుంది అంతే. టేపు చుడితే నట్ పూర్తిగా ఎక్కకముందే బిగుసుకున్నట్టు అనిపిస్తుంది, వాషర్ వదులుగానే ఉండిపోతుంది. చేత్తో బిగించి, పైన పావు చుట్టు రెంచితో తిప్పితే సరిపోతుంది.

ట్రాప్ ఒకటే, అది ఎక్కడ?

ట్రాప్ అంటే పైపులో వంపు. ఆ వంపులో ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలిచి ఉంటాయి, డ్రైనేజీ వాసననీ బొద్దింకలనీ అవే ఆపుతాయి. ఈ వంపు ఆలోచన కొత్తది కాదు, 1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల తయారీదారు లెట్రిన్‌కి ఇలాంటి వంపు పైపుతో పేటెంట్ తీసుకున్నాడు. మన నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఆ నిలిచే నీటి లోతు కనీసం 50 మిల్లీమీటర్లు ఉండాలి.

మన ఇళ్లలో బాత్రూం నేలకి ఉండేది నహానీ ట్రాప్. నహానా అంటే స్నానం చెయ్యడమని ఉర్దూ తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ప్లంబర్లు తరచుగా చేసే పని ఏమిటంటే, ఆ నహానీ ట్రాప్‌ని టబ్బు కిందే పెట్టి, టబ్బు పైపుని జాలీలోంచి దించి వదిలేస్తారు. జాయింట్ అనేదే లేదు. టబ్బులో సుమారు 180 లీటర్లు నింపి ఒక్కసారి బిరడా లాగితే ఆ నీరంతా అంత వేగంగా ట్రాప్ మింగలేదు. కొంత పైకి తన్ని టబ్బు కింద నేల మీద పారుతుంది, అటు నుంచి నింపుడులోకి దిగుతుంది.

సరైన దారులు రెండు ఉన్నాయి. ఒకటి, టబ్బుకి సొంతంగా పీ ట్రాప్ పెట్టి, అక్కడి నుంచి నేరుగా వేస్ట్ స్టాక్ పైపులోకి కలపడం. రెండోది, పక్క నుంచి పైపు కలపడానికి నోరు ఉన్న మల్టీ ఫ్లోర్ ట్రాప్ తీసుకుని, దాన్ని టబ్బు బయట, నేల మధ్యలో పెట్టి, టబ్బు పైపుని ఆ పక్క నోటికి సీల్ చేసి కలపడం. అప్పుడు టబ్బు కింద వేరే ట్రాప్ పెట్టకూడదు. ఒకదాని వెనక ఒకటి రెండు ట్రాప్‌లు ఉంటే మధ్యలో గాలి ఇరుక్కుంటుంది. నీళ్లు గుడగుడమంటూ నెమ్మదిగా పోతాయి, ఎంత శుభ్రం చేసినా అంతే. ఏ దారి ఎంచుకున్నా పైపుకి మీటరుకు 20 నుంచి 25 మిల్లీమీటర్ల వాలు ఉండాలి.

విజయనగరం ఇంట్లో స్టాక్ పైపు టబ్బు తల వైపు గోడ వెనకే ఉంది, కాబట్టి మొదటి పద్ధతే నయం. పీ ట్రాప్ కొంచెం నేల కిందికి దిగుతుంది. దాని చుట్టూ అడుగు పొడవు, అడుగు వెడల్పు గుంట వదిలేసి, గుంట లోపల కూడా వాటర్‌ప్రూఫింగ్ చెయ్యాలి. అందులో కాంక్రీటు గానీ ఇటుక ముక్కలు గానీ పొయ్యకూడదు.

నింపి చూడటం

గోడ కట్టకముందు టబ్బుని దాని కాళ్ల మీద లెవెల్‌గా నిలబెట్టి, సిలికాన్ ఆరడానికి ఒక రోజు వదలాలి. తర్వాత ప్రతి జాయింట్ కింద పాత న్యూస్‌పేపర్ ముక్క పరచాలి. పేపర్ మీద ఒక్క బొట్టు పడినా కనిపిస్తుంది, సిమెంటు నేల మీద కనిపించదు.

బిరడా మూసి, ఓవర్‌ఫ్లోకి నాలుగు వేళ్ల కింద వరకూ నింపి, నీటి మట్టం దగ్గర టేపు ముక్క అంటించి కొన్ని గంటలు వదిలెయ్యాలి. అడుగు రబ్బరు దగ్గర పేపర్ తడిస్తే లోపం అక్కడే. పేపర్ పొడిగా ఉండి మట్టం తగ్గితే బిరడా సరిగ్గా మూసుకోవడం లేదు. అది చికాకే గాని ఇంటికి నష్టం కాదు, నీళ్లు పైపులోకే పోతున్నాయి. ఈ దశలో ఒక మనిషి టబ్బులో దిగి అటూ ఇటూ కదిలితే ఇంకా మంచిది. బరువుకి యాక్రిలిక్ కొద్దిగా వంగుతుంది, ఖాళీ టబ్బులో కారని జాయింట్ అప్పుడు కారొచ్చు.

తర్వాత ట్యాప్ పూర్తిగా తిప్పి ఓవర్‌ఫ్లోలోకి నీళ్లు పోయేదాకా నింపి, అయిదు నిమిషాలు అలాగే పోనివ్వాలి. వెనక రబ్బరు దగ్గర వేలితో తడిమి చూడాలి. ఓవర్‌ఫ్లో తీసుకుంటున్నా మట్టం ఇంకా పెరుగుతోందా అన్నది కూడా గమనించాలి. ప్రెషర్ పంపు ఉన్న ఇళ్లలో ట్యాప్ పోసినంత వేగంగా ఓవర్‌ఫ్లో తీసుకోలేకపోవచ్చు. అలాంటప్పుడు ట్యాప్ కింది వాల్వ్ కొంచెం తగ్గించి పెట్టుకోవాలి. చివరగా బిరడా లాగాలి. ట్రాప్ నట్లకి అసలైన పరీక్ష అదే, ఎందుకంటే నిండు టబ్బు నీళ్లు ఒక్కసారిగా వాటి మీద పడతాయి.

టబ్బు అంచుకీ గోడకీ మధ్య సిలికాన్ పెట్టేటప్పుడు మాత్రం టబ్బు నిండుగా ఉండాలి. బరువుకి దిగిన స్థితిలో పెడితే సందు పూర్తిగా నిండుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు పెడితే మొదటి స్నానానికే లాగి ఊడుతుంది.

ఆ చిన్న తలుపు

పరీక్ష బాగుంది, ఇక గోడ కట్టెయ్యమంటే సరిపోదు. రబ్బరు కొన్నేళ్లకి గట్టిపడుతుంది, ట్రాప్‌లో వెంట్రుకలు, సబ్బు జిడ్డు చేరతాయి. గోడ కట్టేముందు ఇంటివాళ్లు మేస్త్రిని ఒక్క మాట అడగాలి: "ట్రాప్ దగ్గరికి రెండు చేతులు, ఒక రెంచి ఎటు నుంచి వెళ్తాయి?" అవసరమైనప్పుడు టైల్స్ కొడదాం అన్నది జవాబు కాదు. అప్పటికి ఆ డిజైన్ టైల్ దొరకదు, కొట్టేటప్పుడు టబ్బు పగిలే ప్రమాదం కూడా ఉంది.

తలుపు కనీసం 300 మిల్లీమీటర్ల చదరం ఉండాలి, 450 అయితే సుఖం. అది టబ్బు మధ్యలో కాదు, వేస్ట్ రంధ్రం ఉన్న చివర రావాలి. ఒకటి రెండు టైల్స్ సైజుకే వదిలితే అందంగా కలిసిపోతుంది. అల్యూమినియం ఫ్రేము మీద సిమెంటు బోర్డు పెట్టి, దాని మీద టైల్ అంటించి, నాలుగు స్క్రూలతోనో గట్టి అయస్కాంతాలతోనో బిగించొచ్చు. ప్లైవుడ్ తడికి ఉబ్బుతుంది. కళింగపట్నం, భీమునిపట్నం వైపు సముద్రం గాలి తగిలే ఊళ్లలో మామూలు ఇనుప స్క్రూ తుప్పుపట్టి తలుపు రాకుండా పోతుంది కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీల్‌వే వాడాలి. తలుపు చుట్టూ గ్రౌట్ నింపకూడదు. పల్చగా సిలికాన్ పెడితే తర్వాత బ్లేడుతో కోసి తియ్యొచ్చు.

ముందు పక్కన తలుపు ఇష్టం లేకపోతే వెనక గదిలో, అల్మారా లోపల గోడకి పెట్టొచ్చు. విజయనగరం ఇంట్లో టబ్బు తల వైపు గోడ అవతల పిల్లల గది వార్డ్‌రోబ్ వచ్చింది. తలుపు అక్కడ పెడితే బాత్రూంలో ఏమీ కనిపించదు. స్టాక్ పైపు ఆ గోడ వెంట ఏ మూల దిగుతుందో ముందు చూసుకుని, దానికి తగలకుండా చోటు గుర్తు పెట్టాలి.

ఇంకో చిన్న పని ఉంది, ఖర్చు దాదాపు ఏమీ లేదు. గుంట వదిలిన చోటు తప్ప టబ్బు కింది నేలని బాత్రూం వైపుకి కొద్దిగా వాలుగా చేసి, ముందు గోడ అడుగున వేలు పట్టేంత కన్నం వదలాలి. టబ్బు పైపుల్లో ఎక్కడ కారినా చాలావరకు ఆ కన్నంలోంచి బాత్రూం నేల మీదికి వస్తుంది. అబ్బా గది సీలింగ్ కంటే ముందు బాత్రూం టైల్ చెబుతుంది.

శుభ్రం చేసేటప్పుడు

నీళ్లు నెమ్మదిగా పోతుంటే మొదట క్రోమ్ బిళ్ల దగ్గర బిరడా తీసి చూడాలి, సగం సార్లు వెంట్రుకల ముద్ద అక్కడే ఉంటుంది. లేకపోతే తలుపు తెరిచి, ట్రాప్ కింద బేసిన్ పెట్టి, రెండు నట్లు చేత్తో విప్పి వంపు ముక్క బయటికి తీసి కడగాలి. తిరిగి పెట్టేటప్పుడు కోన్ వాషర్లు పగిలాయా, గట్టిపడ్డాయా చూసి, అనుమానం ఉంటే కొత్తవి వెయ్యాలి. ఓవర్‌ఫ్లో గొట్టం మడతలు మడతలుగా ఉండే మెత్తటి రకమైతే అందులోంచి తీగ దూర్చకూడదు, చిరుగుతుంది.

ఆసిడ్ పోస్తే క్రోమ్ పోతుంది, రబ్బరు పాడవుతుంది. కాస్టిక్ సోడా మీద వేడినీళ్లు పోస్తే పీవీసీ మెత్తబడేంత వేడి పుట్టొచ్చు. బ్లీచింగ్ పౌడర్ వేసిన చోట ఆసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, తలుపు మూసిన బాత్రూంలో అది ప్రాణాపాయం. ముందు ఎవరైనా ఏదైనా పోశారా అని ఇంట్లో అడిగాకే ట్రాప్ విప్పాలి, ఆ వంపులో ఉన్న నీరే చేతుల మీద పడుతుంది.

కుటుంబమంతా గల్ఫ్‌లో ఉండి ఏడాదికోసారి వచ్చే ఇళ్లలో సమస్య వేరు. వేసవిలో ట్రాప్‌లో నీళ్లు ఆవిరైపోయి, తలుపు తీయగానే డ్రైనేజీ వాసన కొడుతుంది. లీకు అనుకుని ఏదీ విప్పక్కర్లేదు. తాళం చెవి ఉన్న బంధువులు నెలకోసారి వచ్చి టబ్బులో ఒక బకెట్, నహానీ ట్రాప్‌లో ఒక చెంబు నీళ్లు పోసి వెళ్తే చాలు.